గుర్రం తన్నుల నుంచి బస్తర్ చలిజ్వరం దాకా

2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్ ఆరోగ్య శాఖ బస్తర్ డివిజన్‌లోని ఏడు జిల్లాల్లో ఒక పెద్ద పనికి పూనుకుంది. జ్వరం వచ్చినవాళ్లు ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకుండా, జ్వరం ఉన్నా లేకపోయినా ఇంటింటికీ వెళ్లి, వేలి కొసన సూది గుచ్చి, చుక్క నెత్తురు కిట్ మీద వేసి చూడాలి. మలేరియా ఉందని తేలితే అక్కడికక్కడే మందు మొదలుపెట్టాలి. దీనికి మలేరియా ముక్త్ బస్తర్ అభియాన్ అని పేరు పెట్టారు. ఊళ్లలో పనిచేసే మితానిన్‌లు, అంటే మన ఆశా కార్యకర్తల వంటివాళ్లు, ఈ పనికి కాళ్లూ చేతులూ అయ్యారు.

ఫిబ్రవరి మధ్యలో ముగిసిన తొలి విడతలో 14.06 లక్షల మందిని పరీక్షిస్తే 64,646 మందికి మలేరియా ఉన్నట్టు తేలింది. జూన్, జూలై నెలల్లో జరిగిన రెండో విడతలో 23.75 లక్షల మందిని చూస్తే 30,076 మందికి ఉంది. తేలినవాళ్లలో సగానికి పైగా మందికి జ్వరం గానీ వణుకు గానీ లేవు. మామూలు రోజుల్లో వాళ్లు ఏ ఆసుపత్రి రిజిస్టరులోకీ ఎక్కేవాళ్లు కారు.

ఈ నాలుగు అంకెలు చూడగానే ఎవరికైనా రెండు ప్రశ్నలు వస్తాయి. మలేరియా ఎంత తగ్గింది? ఆ తగ్గుదలను ఎంతవరకు నమ్మవచ్చు? మొదటిదానికి కాగితం మీద భాగహారం చాలు. రెండోదానికి జవాబు వెతకడానికి గణాంకశాస్త్రానికి దాదాపు నూట యాభై ఏళ్లు పట్టింది. ఆ వెతుకులాటలోంచి వచ్చిన పనిముట్టు పేరు పాయిజాన్ ప్రతిగమనం. లెక్కపెట్టగలిగే సంఘటనల మీద, అంటే జ్వరాలు, ప్రమాదాలు, చావుల వంటి వాటి మీద, ఏ కారణం ఎంత పనిచేస్తోందో చెప్పే పద్ధతి అది.

కథ పారిస్‌లో మొదలవుతుంది. సిమియోన్ దెనీ పాయిజాన్ 1837లో నేర, సివిల్ కేసుల్లో తీర్పుల సంభావ్యత మీద ఒక పెద్ద గ్రంథం వేశాడు. న్యాయనిర్ణేతలు ఎంతమంది ఉంటే, ఎంత మెజారిటీ వస్తే తీర్పు తప్పిపోయే అవకాశం ఎంత అన్నది ఆయన ప్రశ్న. ఆ పుస్తకంలో ఒకచోట, అవకాశం చాలా తక్కువగా ఉండి, ప్రయత్నాలు చాలా ఎక్కువగా ఉన్నప్పుడు సంఘటనల సంఖ్య ఎలా ఉంటుందో చెప్పే సూత్రం వస్తుంది. సగటు ఒక్కటి తెలిస్తే చాలు, ఒక్కటీ జరగకపోవడానికి, ఒకటి జరగడానికి, రెండు జరగడానికి ఎంతెంత అవకాశమో ఆ సూత్రం చెప్పేస్తుంది. దానికి ఇంకో గుణం కూడా ఉంది. అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో కొలిచే విస్తృతి, ఈ సూత్రంలో సరిగ్గా సగటుకు సమానం. ఈ ఒక్క గుణాన్ని గుర్తుపెట్టుకుంటే మిగతా కథంతా అర్థమవుతుంది. ఈ సూత్రానికి దగ్గరి రూపం డి మోయివర్ 1711లోనే కనుక్కున్నాడు. పాయిజాన్ కూడా దాన్ని తన గ్రంథంలో గొప్ప విషయంగా నిలబెట్టలేదు. అరవై ఏళ్లపాటు అది దాదాపు ఎవరికీ పట్టలేదు.

పట్టించుకున్నవాడు లాడిస్లావుస్ బోర్ట్‌కేవిచ్. సెంట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టి జర్మనీలో పనిచేసిన ఆయన, 1898లో చిన్న సంఖ్యల నియమం అన్న పేరుతో ఒక పలుచటి పుస్తకం వేశాడు. ప్రష్యా సైన్యంలో గుర్రం తన్ని చనిపోయిన సైనికుల లెక్కలు అందులో ఉన్నాయి. పది సైనిక దళాలు, 1875 నుంచి 1894 దాకా ఇరవై ఏళ్లు. మొత్తం 200 దళ-సంవత్సరాలు, 122 చావులు. అంటే దళానికి ఏడాదికి సగటున 0.61. ఒక్క చావూ లేనివి 109 దళ-సంవత్సరాలు. ఒకటి ఉన్నవి 65, రెండు ఉన్నవి 22, మూడు ఉన్నవి 3, నాలుగు ఉన్నది ఒకే ఒక్కటి. పాయిజాన్ సూత్రంలో 0.61 వేస్తే చావు లేనివి 108.7, ఒకటి ఉన్నవి 66.3, రెండు ఉన్నవి 20.2 రావాలి. వాస్తవానికీ సూత్రానికీ మధ్య సందు దాదాపు లేదు. విస్తృతి కట్టినా 0.61కి అటూ ఇటూగానే వస్తుంది.

ఇంత చక్కగా ఎందుకు సరిపోయింది? ఒక గుర్రం ఒకణ్ణి తన్నినందువల్ల పక్క గుర్రం ఇంకొకణ్ణి తన్నదు. ఒక చావు మరో చావును పుట్టించదు. పైగా ఆ పది దళాలూ దాదాపు ఒకే పరిమాణంలో, ఒకే రకం పనిలో ఉన్నవి. సంఘటనలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, అందరికీ ఒకే ప్రమాదం ఉన్న చోట జరిగితే పాయిజాన్ సూత్రం నిలుస్తుంది. తర్వాతి పుస్తకాలు ఈ గుర్రాల కథను పదేపదే చెప్పాయి గానీ, ఆ రెండు షరతులను అంత గట్టిగా చెప్పలేదని నాకనిపిస్తుంది.

ఆ షరతులు తప్పితే ఏమవుతుందో మొదటి ప్రపంచ యుద్ధం చూపించింది. బ్రిటన్‌లో మందుగుండు కర్మాగారాల్లో వేలమంది ఆడవాళ్లు పనిచేశారు. వాళ్లకు జరిగిన ప్రమాదాలను మేజర్ గ్రీన్‌వుడ్, ఉడ్నీ యూల్ లెక్కగట్టి 1920లో ప్రచురించారు. మేజర్ అన్నది ఆయన హోదా కాదు, పేరే. ఫిరంగి గుళ్ల తయారీలో ఉన్న 647 మందిని ఐదు వారాలు చూస్తే, 447 మందికి ఒక్క ప్రమాదమూ లేదు. 132 మందికి ఒకటి, 42 మందికి రెండు, 21 మందికి మూడు, ముగ్గురికి నాలుగు, ఇద్దరికి ఐదు అంతకు పైన. సగటు దాదాపు 0.47. గుర్రం తన్నుల లెక్క ప్రకారం ప్రమాదం లేనివాళ్లు 406 మంది ఉండాలి, కానీ 447 మంది ఉన్నారు. మూడు అంతకు పైన జరిగినవాళ్లు ఎనిమిది మంది ఉండాలి, కానీ 26 మంది ఉన్నారు. విస్తృతి 0.69, అంటే సగటుకు ఒకటిన్నర రెట్లు.

ఏమీ జరగనివాళ్లూ ఎక్కువే, మళ్లీ మళ్లీ జరిగినవాళ్లూ ఎక్కువే. అందరికీ ఒకే ప్రమాదం లేదని దానర్థం. కొందరి యంత్రం, కొందరి షిఫ్టు, కొందరి వయసు వేరు. మనిషి మనిషికీ ప్రమాదపు రేటు వేరుగా ఉంటుందనుకుని గ్రీన్‌వుడ్, యూల్ కట్టిన సూత్రం ఋణ ద్విపద విభాజనానికి దారితీసింది. బస్తర్ దగ్గరకు వచ్చినప్పుడు ఈ 647 మంది ఆడవాళ్లు మనకు గుర్రాలకంటే ఎక్కువ అవసరమవుతారు.

ఇక్కడిదాకా ఉన్నది ఒక సగటు, దాని చుట్టూ చెదురుదల. కానీ ఆరోగ్య శాఖకు కావలసింది అది కాదు. దోమతెర ఉన్న ఊళ్లకూ లేని ఊళ్లకూ తేడా ఎంత, అడవి ఊరికీ మైదానపు ఊరికీ తేడా ఎంత, రెండూ కలిసి ఉన్నప్పుడు దేని వంతు ఎంత, ఇవీ ప్రశ్నలు. ఇలాంటి ప్రశ్నలకు మామూలు ప్రతిగమనం, అంటే చుక్కల గుండా సరళరేఖ గీయడం, అప్పటికే ఉంది. దాన్ని లెక్కల మీద వాడితే రెండు చిక్కులు వస్తాయి. రేఖ కిందికి జారుతూ సున్నా దాటి పోతుంది. ఒక ఊళ్లో జ్వరాలు మైనస్ మూడు అని చెబుతుంది. రెండోది, అంకె పెద్దదయ్యేకొద్దీ చెదురుదల కూడా పెరుగుతుంది, సరళరేఖ పద్ధతి మాత్రం అంతటా ఒకే చెదురుదల ఉందనుకుంటుంది. అందుకని జనం అంకెల వర్గమూలాలు తీసుకుని, లేదా సున్నాలను తప్పించడానికి ప్రతి అంకెకూ ఒకటి కలిపి సంవర్గమానం తీసుకుని, రేఖ గీసి గడిపేవాళ్లు. వర్గమూలంలో వచ్చిన తేడాను తిరిగి మనుషుల భాషలో చెప్పడం కష్టం.

ఈ ముడిని విప్పింది ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం. అక్కడి గణాంక విభాగానికి 1968 నుంచి జాన్ నెల్డర్ అధిపతి. ఆయన దగ్గర పనిచేస్తున్న కుర్రవాడు రాబర్ట్ వెడర్‌బర్న్. ఇద్దరూ కలిసి 1972లో సాధారణీకరించిన రేఖీయ నమూనాలు అన్న వ్యాసం రాశారు. అంకెలను వంచి రేఖకు తేవడం మానేసి, అంకె వెనక ఉన్న సగటు సంవర్గమానాన్ని రేఖ మీద పెట్టాలన్నది అందులోని ఒక మాట. చూసిన అంకె సున్నా కావచ్చు, సగటు మాత్రం సున్నా కాదు కాబట్టి సంవర్గమానానికి అడ్డు లేదు. సంవర్గమానం ఎంత కిందికి పోయినా, తిరగేస్తే వచ్చేది ధన సంఖ్యే. చెదురుదల సగటుకు సమానమన్న పాయిజాన్ గుణం లెక్కలోనే ఇమిడిపోయింది.

లెక్క కట్టే తీరు కూడా వాళ్లే చెప్పారు. మొదట ఒక అంచనా వేసుకోవాలి. ఆ అంచనా ప్రకారం ప్రతి ఊరికీ రావలసిన జ్వరాలు కట్టాలి. వచ్చినవాటికీ రావలసినవాటికీ ఉన్న తేడాను, రావలసిన సంఖ్యతో భాగించి, అంచనాను ఆ మేరకు సరిదిద్దాలి. సరిదిద్దేటప్పుడు రావలసిన సంఖ్య ఎక్కువున్న ఊరికి ఎక్కువ బరువు ఇవ్వాలి. ఇలా నాలుగైదు చుట్లు తిరిగేసరికి గుణకాలు కదలకుండా నిలబడతాయి. ఈ పని చేసే గ్లిమ్ అన్న ప్రోగ్రాము 1974లో వచ్చింది. పాయిజాన్‌కే కాక ద్విపదకూ మామూలు రేఖకూ అదే యంత్రాంగం సరిపోయింది.

ఇందులో ఊరి జనాభా ఎక్కడ చేరుతుందో చూడాలి. కేంద్ర ప్రభుత్వ ప్రమాణం ప్రకారం మైదానంలో ఒక ఉపకేంద్రం 5,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతంలో 3,000 మందికి. మైదానపు ఉపకేంద్రంలో 50 జ్వరాలు, అడవిలోని ఉపకేంద్రంలో 45 వచ్చాయనుకుందాం. ఇవి లెక్క చూపడానికి నేను వేసుకున్న అంకెలు. ఉత్త అంకెలు చూస్తే మైదానమే ఎక్కువ. వెయ్యికి చూస్తే మైదానంలో 10, అడవిలో 15. నమూనాలో ఈ భాగహారం ఇలా చేరుతుంది:

log(μ) = log(N) + a + b·x

ఇక్కడ μ రావలసిన జ్వరాలు, N జనాభా, x అడవి అయితే 1, మైదానం అయితే 0. log(N) ముందు గుణకం లేదు, అది ఎప్పుడూ ఒకటే. జనాభా రెట్టింపయితే జ్వరాలు రెట్టింపు అవుతాయని ముందే ఒప్పుకుని పక్కన పెట్టేసిన పదం అది. దాన్ని ఆఫ్‌సెట్ అంటారు. మన అంకెలకు b విలువ 0.405. దాన్ని e ఘాతానికి ఎక్కిస్తే, అంటే exp(0.405) తీసుకుంటే, 1.5 వస్తుంది. 15ని 10తో భాగిస్తే వచ్చేదీ అదే. ఇదే రేట్ల నిష్పత్తి. గుణకం సున్నా అయితే నిష్పత్తి ఒకటి, తేడా లేనట్టు. ఋణ గుణకం అయితే ఒకటికంటే తక్కువ, తగ్గినట్టు. సంవర్గమానంలో కూడికలు అసలు లెక్కలో గుణకారాలవుతాయి కాబట్టి, అడవి వల్ల 1.5 రెట్లు, దోమతెర వల్ల 0.6 రెట్లు అని వస్తే, దోమతెర ఉన్న అడవి ఊరికి 0.9 రెట్లు. ఆసుపత్రి నివేదికలో రాసుకోదగిన మాట ఇది.

వైద్య పరిశోధకులు దీన్ని అందుకోవడానికి ఇంకో పదేళ్లు పట్టింది. ఎడ్వర్డ్ ఫ్రోమ్ 1983లో రేట్ల విశ్లేషణకు పాయిజాన్ ప్రతిగమనాన్ని వాడే తీరు వివరంగా రాశాడు. 1987లో నార్మన్ బ్రెస్లో, నికొలస్ డే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కోసం రాసిన పుస్తకం దాన్ని రోగవ్యాప్తి శాస్త్రంలో ప్రతి ఒక్కరి చేతికీ తెచ్చింది.

ఇప్పుడు బస్తర్ అంకెలను ఆ యంత్రంలో వేద్దాం. పరీక్షలో తేలినవాళ్ల వాటా వందకు ఐదు లోపే కాబట్టి పాయిజాన్ లెక్కకు పనికొస్తుంది. ఆర్ భాషలో ఇంతే:

```r
d <- data.frame(pos    = c(64646, 30076),
                tested = c(1406000, 2375000),
                round  = c(0, 1))
m <- glm(pos ~ round + offset(log(tested)),
         family = poisson, data = d)
exp(coef(m))
```

మొదటి అంకె 0.0460 వస్తుంది, అది తొలి విడత రేటు, వెయ్యికి 46. రెండోది 0.275. రెండో విడత రేటు తొలి విడతలో నాలుగో వంతుకు కాస్త పైన. గుణకం -1.289, దాని ప్రామాణిక దోషం 0.007. దాంతో కట్టిన 95 శాతం నమ్మకపు హద్దులు 0.272 నుంచి 0.279. అంటే మలేరియా 72 నుంచి 73 శాతం తగ్గింది అని యంత్రం అంటోంది. ఎన్నో కొండలూ వాగులూ దాటి, రోడ్డు లేని ఊళ్లకు కాలినడకన వెళ్లి తెచ్చిన అంకెల మీద ఒక్క శాతం తేడా లేకుండా చెబుతోంది. ఈ హద్దులను నేను నమ్మను. ఎందుకు నమ్మకూడదో చెప్పడానికి పై కథలో చాలా భాగం అవసరమైంది.

మొదటి కారణం, రెండు విడతల్లో చూసిన జనం ఒకటే కాదు. 14 లక్షలు 24 లక్షలకు దగ్గరైంది. కొత్తగా చేరినవాళ్లు మలేరియా తక్కువున్న చోట్లవాళ్లయితే, జ్వరం ఏమాత్రం తగ్గకపోయినా సగటు రేటు పడిపోతుంది. ఊహకు ఒక లెక్క. అడవి ఊళ్లలో వెయ్యికి 60, మైదానంలో వెయ్యికి 10, రెండు విడతల్లోనూ అంతే అనుకుందాం. తొలిసారి అడవిలో 1,000 మందిని, మైదానంలో 400 మందిని చూశారు. 60, 4 కలిపి 64, వెయ్యికి 45.7. రెండోసారి అడవిలో అదే 1,000 మంది, మైదానంలో 1,400 మంది. 60, 14 కలిపి 74, వెయ్యికి 30.8. నిష్పత్తి 0.67. ఎవరికీ జ్వరం తగ్గలేదు, కాగితం మీద మూడో వంతు తగ్గింది. ఊరు ఎలాంటిదో చెప్పే గుర్తును నమూనాలో చేర్చితే, అంటే `round + terrain` అని రాస్తే, నిష్పత్తి సరిగ్గా 1కి వచ్చి నిలుస్తుంది. ప్రతిగమనం భాగహారంకంటే ఎందుకు మెరుగో ఇక్కడ తెలుస్తుంది. కాకపోతే అందుకు ఊరి వారీగా అంకెలు కావాలి, డివిజన్ మొత్తం చాలదు.

మొత్తాలే చేతిలో ఉన్నా ఒక మాట మాత్రం గట్టిగా చెప్పవచ్చు. తొలి విడతలో చూసిన 14.06 లక్షల మందినీ రెండోసారి కూడా చూశారనుకుందాం. కొత్తగా చేరినవాళ్లలో ఒక్కరికీ మలేరియా లేదని, తేలిన 30,076 మందీ పాతవాళ్లేనని, అంటే అభియాన్‌కు అన్నిటికంటే ప్రతికూలంగా లెక్కవేసుకుందాం. అప్పుడు కూడా 30,076ను 64,646తో భాగిస్తే 0.465. పరీక్షించినవాళ్లు పెరిగినా తేలినవాళ్లు సగానికంటే తక్కువయ్యారు. కాబట్టి జనం మారారన్న కారణం ఒక్కటే ఈ తగ్గుదలను మింగేయలేదు. పాతవాళ్లందరినీ మళ్లీ చూశారన్న షరతు మీద నిలిచిన మాట ఇది. ఆ షరతు ఎంతవరకు నిజమో ఊరి రిజిస్టర్లలోనే దొరుకుతుంది.

రెండో కారణం కాలం. తొలి విడత చలికాలంలో, రెండోది తొలకరిలో. వాగుల్లో నీరు, దోమల సంఖ్య ఈ రెండు కాలాల్లో ఒకటి కావు. జూన్ అంకెను జనవరితో పోల్చడంకంటే మరుసటి జనవరితో జనవరిని పోల్చడం మేలు. లేదా నెలను కూడా నమూనాలో చేర్చాలి.

మూడో కారణం అన్నిటికంటే లోతైనది. సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ రోగి నెత్తురు తాగిన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మనిషి నుంచి దోమకు, దోమ నుంచి మనిషికి. అంటే ఒక జ్వరం ఇంకో జ్వరాన్ని పుట్టిస్తుంది. ఒక ఇంట్లో ఒకరికి ఉంటే ఆ ఇంట్లోనే మరొకరికి, వాగు పక్క గూడెంలో పదిమందికి ఉండే అవకాశం పెరుగుతుంది. గుర్రం తన్నులకు ఉన్న స్వేచ్ఛ ఇక్కడ లేదు. పైగా ఊరు ఊరికీ ప్రమాదం వేరు, మందుగుండు కర్మాగారపు ఆడవాళ్లలాగే. పాయిజాన్ షరతులు రెండూ తప్పాయి. చెదురుదల సగటుకు సమానంగా ఉండదు, ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. నిష్పత్తి అంచనా దీనివల్ల పెద్దగా చెడదు, దాని చుట్టూ గీసిన హద్దులు మాత్రం మరీ ఇరుకైపోతాయి.

దీన్ని పట్టుకోవడం ఎలా? నాలుగు ఊళ్లకు ఒక్కోదానికి 10 జ్వరాలు రావాలని నమూనా చెప్పిందనుకుందాం. వచ్చినవి 2, 31, 5, 2. ఇదీ నేను కట్టుకున్న ఉదాహరణే. తేడాల వర్గాలు 64, 441, 25, 64. మొత్తం 594, దాన్ని 10తో భాగిస్తే 59.4. నాలుగు ఊళ్ల నుంచి సగటు కట్టడానికి ఒకటి పోగా మిగిలిన 3తో భాగిస్తే 19.8. పాయిజాన్ నిజమైతే ఈ అంకె ఒకటికి దగ్గరగా ఉండాలి. 19.8 ఉంటే అసలు చెదురుదల నమూనా అనుకున్నదానికి ఇరవై రెట్లు.

దానికి మందు కనిపెట్టినవాడు కూడా వెడర్‌బర్నే. 1974లో ఆయన ఒంటరిగా రాసిన వ్యాసంలో, అంకెలు పూర్తిగా ఏ విభాజనం నుంచి వచ్చాయో తెలియనక్కరలేదు, సగటుకూ విస్తృతికీ సంబంధం తెలిస్తే చాలు, గుణకాలు కట్టవచ్చు అని చూపించాడు. ఆ దారిలో విస్తృతి సగటుకు ఇన్ని రెట్లు అని అంకెల నుంచే కట్టుకుని, ప్రామాణిక దోషాన్ని ఆ రెట్ల వర్గమూలంతో గుణిస్తాం. 19.8 అయితే నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. ఆర్‌లో `family = quasipoisson` అని ఒక మాట మారిస్తే ఈ పని అయిపోతుంది. వెడర్‌బర్న్ దీని ఫలితం చూడలేదు. 1975లో పురుగు కుట్టి, దాని విషానికి ఒళ్లు తట్టుకోలేక చనిపోయాడు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు.

చెదురుదల ఎక్కువుందా లేదా అని పరీక్షించే తీరులో ఒక తెలుగువాడి చెయ్యి కూడా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా భారతీయ గణాంక సంస్థలో పెరిగిన కల్యంపూడి రాధాకృష్ణరావు 1948లో స్కోర్ పరీక్షను ప్రతిపాదించాడు. పెద్ద నమూనాను కట్టకుండానే, చిన్న నమూనా చాలడం లేదని దాని గుణకాల దగ్గరే నిలబడి చెప్పగల పరీక్ష అది. పాయిజాన్ ప్రతిగమనంలో చెదురుదలను పట్టుకోవడానికి 1989లో డీన్, లాలెస్ ఇచ్చిన పరీక్షలు ఈ కోవవే.

బస్తర్ రెండు వరుసల పట్టికకు ఈ మందు వేయలేం. వరుసలు రెండు, గుణకాలు రెండు. నమూనా కట్టిన మొత్తం, చూసిన మొత్తం అచ్చంగా సమానమవుతాయి, తేడాలంటూ ఏమీ మిగలవు, చెదురుదల కొలవడానికి చోటే లేదు. అందుకే కంప్యూటరు 0.272, 0.279 అని అంత ధీమాగా చెప్పగలిగింది. విస్తృతి సగటుకు 25 రెట్లు ఉందనుకుంటే ప్రామాణిక దోషం ఐదు రెట్లయి హద్దులు 0.257, 0.295 అవుతాయి. 100 రెట్లయితే 0.24, 0.316. ఎంత అన్నది ఉపకేంద్రాల వారీ పట్టిక దొరికితేనే తెలుస్తుంది. ఒక్కో వరుసలో ఉపకేంద్రం, విడత, పరీక్షించినవాళ్లు, తేలినవాళ్లు, అడవా మైదానమా, దోమతెరలు ఎన్ని పంచారు అన్నవి ఉండాలి. ఒకే ఉపకేంద్రం రెండు విడతల్లోనూ వస్తుంది కాబట్టి ఆ రెండు వరుసలూ ఒకదానికొకటి చుట్టాలన్న సంగతి కూడా నమూనాకు చెప్పాలి.

ఇంకో లోపం ఉంది, అది ఏ నమూనా గుణకంలోనూ కనిపించదు. అంకె ఎప్పుడూ వెతికినంతే దొరుకుతుంది. దేశమంతటా మలేరియాను కొలిచే వార్షిక సూచీ, ఏడాదిలో వెయ్యి మందికి తేలిన కేసులు ఎన్ని అన్నది. ఎంతమంది నెత్తురు పరీక్షించారన్న శాతాన్ని పక్కన పెట్టుకోకుండా దాన్ని చదవకూడదు. పరీక్షలు సగానికి పడిపోయిన ఏడాది మలేరియా తగ్గినట్టే కనబడుతుంది. బస్తర్‌లో లక్షణాలు లేనివాళ్లే సగానికి పైగా ఉన్నారు కాబట్టి, ఇంటికి వెళ్లి వెతికిన ఏడాదిని, ఆసుపత్రికి వచ్చినవాళ్లనే లెక్కపెట్టిన ఏడాదితో పోల్చి రేట్ల నిష్పత్తి కడితే మలేరియా ఒక్కసారిగా పెరిగిందని వస్తుంది. ఇందుకు ఆఫ్‌సెట్‌లో జనాభా బదులు పరీక్షల సంఖ్య పెట్టడం కొంత ఉపాయం, కానీ ఎవరిని ఎంచి పరీక్షించారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

దక్షిణాన శబరి ఒడ్డున సుక్మా జిల్లాలోని కుంట, పడమట బీజాపూర్ అడవుల వైపు ఈ చిక్కు మనదాకా వస్తుంది. అక్కడి దోర్లలు, కోయలు కొంత తెలుగు మాట్లాడతారు, చలిజ్వరం ముదిరితే చర్లకో భద్రాచలానికో వస్తారు. ఆ జ్వరం తెలంగాణ రిజిస్టరులో కేసుగా చేరుతుంది, ఆ మనిషి మాత్రం ఛత్తీస్‌గఢ్ జనాభాలో ఉంటాడు. అటు భాగహారంలో పైన ఒకటి తగ్గుతుంది, ఇటు కింద లేనివాడు పైన చేరతాడు. ఏటా ఇదే వాటాలో జరిగితే నిష్పత్తిలో అది కొట్టుకుపోతుంది, రేటు తప్పయినా రేట్ల నిష్పత్తి నిలబడుతుంది. కుంటలోనే మంచి ఆసుపత్రి పెట్టి అటువైపు రాకపోకలు తగ్గిన ఏడాది మాత్రం సుక్మాలో మలేరియా పెరిగినట్టు, భద్రాచలంలో తగ్గినట్టు రెండు పట్టికల్లోనూ కనబడుతుంది. దాన్ని పట్టుకోవాలంటే రోగి ఎక్కడ పరీక్ష చేయించుకున్నాడన్నది కాక, అతని ఊరేదన్నది రిజిస్టరులో రాసి, రెండు రాష్ట్రాల పట్టికలనూ ఊరి పేరు మీద కలిపి, అప్పుడు ఆ `glm` వరుసను నడపాలి.